మునగాకు పొడిలో ఐరన్ ఎంత? మాత్ర మానేసి దాంతో సరిపెట్టుకోవచ్చా?

"నాకు 34 ఏళ్లు, బరువు 50 కిలోలు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 9 వచ్చింది. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోంది. మునగాకు పొడిలో పాలకూర కంటే 25 రెట్లు ఐరన్ ఉంటుందని చదివాను. మాత్ర మానేసి రోజూ రెండు చెంచాల పొడి వేసుకుంటే సరిపోతుందా? పొడి ఇంట్లోనే చేసుకోవాలని ఉంది. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటాను."

మాత్ర మానకండి. పొడి వేసుకోండి, అభ్యంతరం లేదు. కానీ దాన్ని ఆకుకూరల లెక్కలోనే ఉంచుకోండి. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ 25 రెట్ల సంగతి తేల్చుకోవాలి.

ఆ పోలిక ఎండిన మునగాకుకీ పచ్చి పాలకూరకీ మధ్య వేసినది. పచ్చి మునగాకులో వందకు దాదాపు 79 పాళ్లు నీరే. నూరు గ్రాముల పచ్చి ఆకు ఎండబెడితే చేతికొచ్చే పొడి 22, 23 గ్రాములకు మించదు. నీరు పోయింది, ఐరన్ మిగిలింది. కాబట్టి బరువుకు బరువు చూస్తే పొడిలో ఐరన్ నాలుగింతలకు పైగా పెరిగినట్టు కనిపిస్తుంది. పాలకూరకు ఆ అవకాశం ఇవ్వలేదు. అందులో వందకు 91 పాళ్లు నీరు. దాన్ని కూడా ఎండబెట్టి పొడి చేసి పక్కన పెడితే ఏమవుతుందో చూడండి. పచ్చి పాలకూరలో నూరు గ్రాములకు ఐరన్ సుమారు 2.7 మిల్లీగ్రాములు, ఎండితే అది 29 దాకా వస్తుంది. మునగాకు పొడికి ఎక్కువగా అచ్చయ్యే అంకె 28. అంటే ఎండిన దానికి ఎండినది సరిసమానం. పచ్చి దానికి పచ్చిది చూసినా మునగాకులో 4 మిల్లీగ్రాములు, పాలకూరలో 2.7, అంటే ఒకటిన్నర రెట్లు. 28ని 25తో భాగిస్తే పాలకూరలో ఐరన్ 1.1 మిల్లీగ్రాములే అని తేలుతుంది. అంత తక్కువ అంకె పట్టుకుంటే తప్ప ఆ 25 రెట్లు రావు.

పాల కంటే 17 రెట్లు కాల్షియం అన్న మాట కూడా ఇలాంటిదే, కాకపోతే అందులో అంకెలు తప్పు కావు. నూరు గ్రాముల పొడిలో సుమారు 2000 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, నూరు గ్రాముల పాలలో 120. కానీ పాలు గ్లాసుతో తాగుతాం, పొడి చెంచాతో వేసుకుంటాం. టీ చెంచాకు తలకొట్టి కొలిస్తే పొడి 2 నుంచి 3 గ్రాములు తూగుతుంది. రెండు చెంచాలు అంటే 5 గ్రాములు అనుకుందాం. అందులో కాల్షియం 100 మిల్లీగ్రాములు, అంటే అరగ్లాసు కంటే తక్కువ పాలు ఇచ్చేంత. ప్రోటీన్ 1.3 గ్రాములు, ఒక గుడ్డులో ఉండేదానిలో అయిదో వంతు. నారింజ కంటే 7 రెట్లు విటమిన్ సి అన్నది పచ్చి ఆకు గురించిన మాట. ఆరబెట్టేటప్పుడు దానిలో ఎక్కువ భాగం పోతుంది. మీ విషయంలో ఇది ముఖ్యం, ఎందుకంటే ఆకులోని ఐరన్ ఒంటికి పట్టడానికి సాయం చేసేది ఆ విటమిన్ సీనే. పొడిలో ఐరన్ మిగులుతుంది, దాని తోడు పోతుంది.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. 5 గ్రాముల పొడిలో ఐరన్, ఎక్కువ అంకె తీసుకున్నా, 1.4 మిల్లీగ్రాములు. అదంతా రక్తంలోకి వెళ్లదు. ఆకుల్లో ఉండే ఫైటేట్, వగరునిచ్చే పాలీఫినాల్స్ ఐరన్‌ను పట్టుకుని పేగులోంచి దాటనివ్వవు. రక్తం తక్కువగా ఉన్నప్పుడు శరీరం మామూలు కంటే ఎక్కువ లాక్కుంటుంది కాబట్టి ఉదారంగా పదోవంతు అనుకుందాం. అంటే రోజుకు 0.14 మిల్లీగ్రాములు.

మీకు కావలసింది ఎంత? డాక్టర్లు వాడే ఒక సూత్రం ఉంది. బరువును, పెరగవలసిన హిమోగ్లోబిన్‌ను, 2.4ను ఒకదానితో ఒకటి గుణించాలి. దానికి నిల్వల కోసం మరో 500 చేర్చాలి. మీ బరువు 50, హిమోగ్లోబిన్ 9 నుంచి కనీసం 12కి వెళ్లాలి, అంటే తేడా 3. గుణిస్తే 360, నిల్వలు కలిపితే 860 మిల్లీగ్రాములు. దీన్ని రోజుకు 0.14 చొప్పున తీర్చాలంటే దాదాపు 17 ఏళ్లు పడుతుంది. అది కూడా ఒంట్లోంచి ఐరన్ ఏమీ పోదనుకుంటే. మామూలుగానే చర్మం, పేగుల ద్వారా రోజుకు ఒక మిల్లీగ్రాము దాకా పోతుంది, నెలసరి వచ్చేవారిలో ఇంకా ఎక్కువ. పొడి ఇచ్చేది ఆ రోజువారీ నష్టాన్నే పూడ్చలేదు, పాత లోటు తీర్చడం తర్వాతి మాట.

అదే 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉన్న మాత్రలో పదోవంతు పట్టినా రోజుకు 6 మిల్లీగ్రాములు. 860 తీరడానికి అయిదు నెలలు. రక్తహీనతకు మాత్రలు మూణ్ణెల్ల నుంచి ఆరు నెలల దాకా రాసేది ఇందుకే. హిమోగ్లోబిన్ మామూలుకు రాగానే ఆపేసేవాళ్లకు కొన్నాళ్లకు మళ్లీ పడిపోతుంది, ఎందుకంటే ఆ 500 నిల్వ ఇంకా నిండలేదు. మరో మాట, మాత్ర పెట్టె మీద రాసిన బరువు అంతా ఐరన్ కాదు. ఫెర్రస్ సల్ఫేట్ లాంటి లవణం బరువు వేరు, అందులో ఉన్న ఐరన్ బరువు వేరు. రెండో అంకె చూసుకోండి.

మాత్ర వల్ల కడుపులో తిప్పడం చాలామందికి ఉండేదే, దానికి దారులున్నాయి. ఒక మోతాదు వేసుకోగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. అది దాదాపు ఒక రోజు పాటు పేగులో ఐరన్ తలుపు దగ్గరగా వేసి ఉంచుతుంది. అందుకే రోజు విడిచి రోజు వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ శాతం పడుతుందని, కడుపు ఇబ్బంది కూడా తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మీ డాక్టర్‌ను ఇదే అడగండి: రోజు విడిచి రోజు వేసుకోవచ్చా, తక్కువ మోతాదు మాత్ర ఉందా, లవణం మార్చి చూద్దామా? ఖాళీ కడుపుతో అసలు పడకపోతే కొద్దిగా ఏదైనా తిన్న తర్వాత వేసుకోండి. కొంచెం తక్కువ పడుతుంది కానీ మానేయడం కంటే అది నయం. మాత్ర వాడినన్నాళ్లూ మలం నల్లగా రావడం మామూలే, దానికి భయపడి ఆపకండి.

ఇక మీ మూడింటినీ రోజులో ఎక్కడెక్కడ పెట్టాలన్నది చాలామంది పొరబడే చోటు. మునగాకు పొడి కలిపిన నీళ్లతో ఐరన్ మాత్ర మింగితే రెట్టింపు లాభం అనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం. పొడిలోని కాల్షియం, పాలీఫినాల్స్ మాత్రలోని ఐరన్‌ను కూడా అడ్డుకుంటాయి. థైరాయిడ్ మాత్రది ఇంకా సున్నితమైన వ్యవహారం. అందులో ఉండే లెవోథైరాక్సిన్ అణువు ఐరన్‌తో, కాల్షియంతో పేగులోనే అతుక్కుపోతుంది, అలా అతుక్కున్నది ఒంటికి పట్టదు. అప్పుడు మాత్ర రోజూ వేసుకుంటున్నా థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ పెరుగుతూ పోతుంది, డాక్టర్ మోతాదు పెంచుతారు, అసలు కారణం ఎవరికీ తట్టదు.

కాబట్టి పొద్దున ఆరింటికి థైరాయిడ్ మాత్ర మంచినీళ్లతోనే, తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకుండా. ఐరన్ మాత్ర దాని తర్వాత కనీసం నాలుగు గంటల ఎడంతో, అంటే పదిన్నర, పదకొండు ప్రాంతంలో, నిమ్మరసం కలిపిన నీళ్లతో. దానికి రెండు గంటలు ముందూ వెనకా టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలు వద్దు. మునగాకు పొడి రాత్రి భోజనంలోకి జరపండి. అప్పుడు మూడూ ఒకదాని దారికి ఒకటి అడ్డు రావు. మునగాకు సారం ఇచ్చిన ఎలుకల్లో థైరాయిడ్ హార్మోన్ స్థాయి మారిన పరిశోధన ఒకటి ఉంది. మనుషుల్లో చెంచాడు పొడికి దాన్ని అన్వయించలేం గానీ, పొడి మొదలుపెట్టిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి టీఎస్‌హెచ్ చూపించుకోవడం మంచిది. గుళికల్లో అమ్మే గాఢమైన సారం జోలికి మాత్రం మీరు వెళ్లకండి.

పొడి ఎంత? మొదటి వారం రోజుకు అర టీ చెంచా. కడుపు ఒప్పుకుంటే ఒక చెంచా, ఆ తర్వాత రెండు. మనుషులపై జరిగిన చిన్న పరిశోధనల్లో 7, 8 గ్రాముల దాకా కొన్ని వారాల నుంచి మూణ్ణెల్ల వరకు ఇచ్చారు, పెద్ద ఇబ్బందులు కనిపించలేదు. అయినా 5 గ్రాముల దగ్గర ఆగమనే నా సలహా. అంతకు మించితే వచ్చే పోషకాలు స్వల్పం, విరేచనాలు, కడుపుబ్బరం మాత్రం తొందరగా మొదలవుతాయి. పెద్ద చెంచాతో కొలిస్తే ఒక్క చెంచానే 6 నుంచి 8 గ్రాములు తూగుతుందని గుర్తుంచుకోండి. "రెండు చెంచాలు" అని చదివి పెద్ద చెంచాతో వేసుకుని విరేచనాలు పట్టుకున్నవాళ్లు తప్పుబట్టాల్సింది చెంచానే.

వేసుకునే పద్ధతి విషయంలో ఒక్కటి గట్టిగా చెప్తాను. పొడిని చల్లటి నీళ్లలో పచ్చిగా కలుపుకుని తాగకండి. ఆరబెట్టడం వల్ల సాల్మొనెల్లా లాంటి క్రిములు చావవు, నిద్రాణంగా ఉండి తడి తగలగానే లేస్తాయి. 2016లో అమెరికాలో ఒక ఆహార పొడి తిన్నవాళ్లకు సాల్మొనెల్లా సోకితే, వెతుక్కుంటూ వెళ్లగా మూలం అందులో కలిపిన మునగాకు పొడి అని తేలింది. 2025లో మళ్లీ మునగాకు పొడి వల్లే అక్కడ అలాంటి వ్యాప్తి జరిగింది. ఎండిన స్థితిలో ఆ క్రిమి వేడిని కూడా బాగా తట్టుకుంటుంది కాబట్టి పొడిని ఉత్తినే పెనం మీద వేయిస్తే సరిపోతుందని నమ్మకం లేదు. ఉడుకుతున్న కూరలోనో, ద్రవంలోనో కలిపి ఒకటి రెండు నిమిషాలు తెర్లనివ్వండి. ఐరన్, కాల్షియం వేడికి పోవు. దింపిన తర్వాత, కొంచెం చల్లారాక నిమ్మరసం పిండండి. పొడిలో పోయిన విటమిన్ సి అలా తిరిగొస్తుంది. పొయ్యి మీద ఉండగానే పిండితే సగం శ్రమ వృథా.

ఇంట్లో చేసుకోవడం మంచి ఆలోచనే. ఆకు మూలం మీకు తెలుస్తుంది. రోడ్డు పక్క చెట్టు ఆకు మాత్రం వద్దు. మునగ ఆకులు చిన్నవి, లెక్కలేనన్ని, దుమ్ము పట్టడానికి చాలా చోటు. వాహనాల రద్దీ, పాత రంగు పెళ్లలు, ఫ్యాక్టరీ ఉన్నచోట ఆ దుమ్ములో సీసం కూడా ఉంటుంది. ఆకు ఎండితే ఐరన్ ఎలా చిక్కబడుతుందో సీసమూ అలాగే చిక్కబడుతుంది.

ఆకును పొద్దున మంచు ఆరాక కోయండి, తడి ఆకు దారిలోనే వేడెక్కి నల్లబడుతుంది. కోసిన రోజే పని ముగించాలి. పసుపు పడినవి, మచ్చలున్నవి ఏరేయండి. రెమ్మల మీద ఉండగానే పారే నీటిలో కడిగి, లీటరు నీటికి 10 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచి, మళ్లీ మంచినీటితో కడగండి. బాగా విదిలించి నీరు కారిపోయేదాకా వేలాడదీసి, అప్పుడు రెబ్బలు దూయండి. ఈనెలు, కాడలు వదిలేయాలి. అవి చేరితే ఆకు గలగలలాడుతున్నా కాడల్లో తేమ మిగిలి, డబ్బాలో వారం తిరక్కుండా వాసన పట్టిస్తుంది.

నీడలో, గాలి ఆడే గదిలో, శుభ్రమైన బట్ట మీదో జాలీ పళ్లెం మీదో పలచగా పరవండి. చదరపు మీటరుకు కిలో ఆకు కంటే ఎక్కువ వద్దు. రోజుకు రెండు మూడుసార్లు శుభ్రమైన చేత్తో తిప్పండి. పైన పలచటి బట్ట కప్పితే ఈగలు, దుమ్ము రావు. పొడి వాతావరణంలో నాలుగు రోజుల్లోపు ఆరిపోవాలి. ఎండలో పెడితే ఒక రోజులో అవుతుంది కానీ ఆకు పాలిపోతుంది. ఆకుపచ్చ రంగుతో పాటే, ఒంట్లో విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ కూడా వెలుతురుకు విరిగిపోతుంది. నన్ను అడిగితే ఈ పొడిలో నిజంగా కాపాడుకోదగ్గది అదే. ముసురు పట్టిన రోజుల్లో మాత్రం నీడ మీద ఆశ పెట్టుకోకండి. నాలుగో రోజుకీ ఆకు మెత్తగా ఉంటే లోపల బూజు మొదలైనట్టే. అలాంటప్పుడు 50 నుంచి 55 డిగ్రీల మధ్య నిలబడే ఆరబెట్టే యంత్రం వాడాలి, లేదా ఆ పని వేరే కాలానికి వాయిదా వేయాలి.

ఆరిందో లేదో ఇలా చూడండి. గుప్పెడు ఆకు పిడికిట్లో నలిపితే పెళపెళమని తునకలు కావాలి. చుట్టుకుపోయి మళ్లీ విచ్చుకుంటే ఇంకా తేమ ఉంది. మిక్సీలో ఆపి ఆపి తిప్పండి, ఒకే బిగిన తిప్పితే వేడికి గోడలకు అంటుకుంటుంది. జల్లించాక పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. వెచ్చగా ఉండగా డబ్బాలో పోస్తే మూత కింద చెమ్మ పట్టి ఉండలు కడుతుంది. అడుగున చిన్న ఉండలు, ముక్కిన వాసన, అక్కడక్కడా బూడిద రంగు కనిపిస్తే ఆ డబ్బా మొత్తం పారేయండి, పైపైన తీసేసి వాడటం కుదరదు. వెలుతురు చొరని, గాలి చొరని డబ్బాలో చల్లటి చోట పెడితే ఆరు నెలలు నిలుస్తుంది. మీ వాడకానికి నెలకు 150 గ్రాముల పొడి చాలు, దానికి సుమారు 650 గ్రాముల దూసిన పచ్చి ఆకు కావాలి. ఏడాదికి సరిపడా ఒకేసారి చేయడంలో అర్థం లేదు.

కొన్న పొడికైనా, ఇంట్లో చేసినదానికైనా చిన్న పరీక్ష. గాజు గ్లాసు నీళ్లలో చెంచా పొడి కలిపి పావుగంట కదపకుండా ఉంచి, పైనున్నది మెల్లగా వంచేయండి. అడుగున మిగిలినదాన్ని వేళ్ల మధ్య రాస్తే గరగరలాడితే అది ఇసుక, అంటే ఆకు సరిగా కడగలేదు. పొడి మీద ఐరన్ అంకె నమ్మలేనంత ఎక్కువగా రాసి ఉంటే ఇదే అనుమానించాలి. మట్టిలో ఐరన్ బోలెడు ఉంటుంది, అంకెను పెంచేస్తుంది, ఒంటికి మాత్రం దాదాపుగా పట్టదు. కొనేటప్పుడు సీసం, సాల్మొనెల్లా పరీక్షల ఫలితాలు ఆ బ్యాచ్‌వి చూపించగలరా అని అడగండి. చూపించలేని పొడి కంటే కడిగి వండిన పచ్చి ఆకు మంచిది. నిజానికి నూరు గ్రాముల పచ్చి మునగాకు వండుకుంటే వచ్చే ఐరన్ 4 మిల్లీగ్రాములు, రెండు చెంచాల పొడికి దాదాపు మూడింతలు. ఆకు దొరికే రోజుల్లో పొడి అవసరమే లేదు.

మాత్ర మొదలుపెట్టిన నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ మళ్లీ చూపించండి. సరిగ్గా పడుతుంటే ఒక గ్రాము, అంతకు కొంచెం ఎక్కువ పెరిగి ఉండాలి. పెరగకపోతే పొడి మోతాదు పెంచడం దానికి జవాబు కాదు. ఐరన్ నిల్వలు చూపే ఫెర్రిటిన్, దాంతోపాటు బి12 పరీక్షలు అడగండి. బి12 మునగాకులో లేదు, ఏ ఆకులోనూ ఉండదు. ఆ లోటు వల్ల వచ్చిన రక్తహీనతకు ఐరన్ ఎంత ఇచ్చినా ఉపయోగం లేదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంటే ఆ మాట డాక్టర్‌కు తప్పక చెప్పండి. థైరాయిడ్ హార్మోన్ తక్కువగా ఉన్నవారిలో అది మామూలు, అప్పుడు ఒకవైపు నింపుతుంటే ఇంకోవైపు కారిపోతూ ఉంటుంది.

ఇంట్లో అందరికీ అదే డబ్బాలోంచి పెట్టే ముందు కొన్ని చూసుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారికి ఆకులోని విటమిన్ కె మందుకు ఎదురు పనిచేస్తుంది, తినే పరిమాణం రోజురోజుకూ మారితే రక్తం గడ్డకట్టే తీరును చూపే ఐఎన్‌ఆర్ అదుపు తప్పుతుంది. షుగర్‌కు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారు మొదటి రెండు వారాలు చక్కెర తరచూ కొలుచుకోవాలి, ఈ పొడి దాన్ని కొంత తగ్గించే వీలుంది. మూత్రపిండాల జబ్బు వల్ల పొటాషియం అదుపు చేసుకుంటున్నవారు తమ డాక్టర్‌ను అడక్కుండా ముట్టుకోకూడదు. మీరు గర్భం కోసం ప్రయత్నిస్తుంటే వండిన ఆకు మామూలు పరిమాణంలో తినొచ్చు. గుళికలు, సారాలు వద్దు. వేరు, బెరడు ఏ రూపంలోనూ వద్దు, అవి గర్భాశయాన్ని సంకోచింపజేస్తాయి, వేరులో నరాలకు విషమైన పదార్థాలూ ఉన్నాయి. "మునగ పొడి" అని మాత్రమే రాసి ఏ భాగంతో చేశారో చెప్పని పొట్లం కొనకండి.